గ్లాసులో మడ్డి ఎక్కడి నుంచి వచ్చింది?

వచ్చేది సాధారణంగా పగటిపూట, మగవాళ్లు పనులకు వెళ్లాక. మెడలో ట్యాగు, చేతిలో రిజిస్టరు, భుజాన బ్యాగు. "మేడమ్, గవర్నమెంట్ వాటర్ టెస్టింగ్ అండీ. మీ కాలనీ మొత్తం చెక్ చేస్తున్నాం, ఫ్రీనే" అంటాడు. రిజిస్టరులో పక్కింటివాళ్ల పేరు, సంతకం చూపిస్తాడు. ఉచితమే కదా, ప్రభుత్వమే కదా అని తలుపు తీస్తారు. అరగంట తర్వాత అదే ఇంట్లో పదిహేను, ఇరవై వేల రూపాయల ఫిల్టర్‌కు అడ్వాన్సు కట్టే మాట నడుస్తుంటుంది.

ఆ అరగంటలో జరిగేదంతా రెండు గ్లాసుల చుట్టూ తిరుగుతుంది. ఒకదాంట్లో మీ కుళాయి నీళ్లు. రెండోదాంట్లో అతను తెచ్చిన సీసాలోని ఫిల్టర్ నీళ్లు. బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ పెట్టె తీస్తాడు. దాని కింద నాలుగు లోహపు కడ్డీలు వేలాడుతుంటాయి, ఒక్కో గ్లాసులో రెండేసి మునిగేలా. ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తాడు. కుళాయి నీళ్లు ముందు కాస్త పచ్చగా మారి, నిమిషం తిరక్కుండానే ముదురు గోధుమ రంగులోకి దిగుతాయి. పైన నురుగు, కింద మడ్డి. రెండో గ్లాసు మాత్రం తేటగా ఉంటుంది. "ఇన్నాళ్లూ ఇవే తాగుతున్నారా? పిల్లలకు కూడా ఇవేనా?" అని అడుగుతాడు. ఏ తల్లికైనా గుండె జారిపోయే ప్రశ్న అది.

ఆ మడ్డి నీళ్లలోంచి వచ్చింది కాదు, కడ్డీలోంచి వచ్చింది. ప్రతి జతలో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. కరెంటు ఇచ్చినప్పుడు ఇనుప కడ్డీ కరిగి నీళ్లలోకి దిగుతుంది. అక్కడ ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారుతుంది. మనం చూసే గోధుమ రంగు ఆ తుప్పుదే. లెక్క వేస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అర ఆంపియరు కరెంటు ఒక్క నిమిషం పారితే దాదాపు 9 మిల్లీగ్రాముల ఇనుము కరుగుతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో అది లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటినట్టు లెక్క. అంత ఇనుము మొదటి నుంచే ఉంటే ఆ నీళ్లు కుళాయిలోంచి పడగానే తుప్పు వాసన కొట్టేవి, బట్టలకు మరకలు పట్టేవి, నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్లం.

మరి రెండో గ్లాసు ఎందుకు రంగు మారలేదు? ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లలోని లవణాలను చాలావరకు తీసేస్తుంది. లవణాలు లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు. కరెంటు పారకపోతే కడ్డీ కరగదు, తుప్పు రాదు. అంటే ఆ పెట్టె చెప్పేది నీళ్లలో లవణాలు ఉన్నాయా లేవా అన్న ఒక్క ముక్కే. కాల్షియం, మెగ్నీషియం ఉన్న మంచి మంచినీళ్లు కూడా ఆ గ్లాసులో మురికిగానే కనిపిస్తాయి.

దీన్ని బయటపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. "మీ ఫిల్టర్ నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి, అదే పెట్టె మళ్లీ పెట్టండి" అని అడిగితే చాలు. మన వంటింటి ఉప్పే. స్విచ్ వేయగానే ఆ తేట నీళ్లూ గోధుమ రంగులోకి మారిపోతాయి. ఉప్పులో మురికి లేదని అందరికీ తెలుసు. నేరుగా ఇంటి కరెంటుతో నడిచే పెట్టె కనుక ప్లగ్ తీసేదాకా గ్లాసును, కడ్డీలను మాత్రం ముట్టుకోవద్దు.

కొందరు పెట్టె బదులు పెన్ను లాంటి మీటరు తెస్తారు. అది టీడీఎస్ మీటరు. నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగి ఉన్న లవణాలను అంచనా కట్టి అంకె చూపిస్తుంది. మీటరు నిజమైనదే, దాని పేరు చెప్పి చేసే బెదిరింపే అబద్ధం. "350 వచ్చింది మేడమ్, చాలా డేంజర్" అంటారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఆమోదయోగ్యమే. వేరే నీటి వనరు లేనిచోట 2000 వరకూ అనుమతిస్తారు. ఆ మీటరు బ్యాక్టీరియాను అసలు చూడలేదు. ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పలేదు.

ఇంకొందరు చుక్కల మందు వేస్తారు. కుళాయి నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, ఫిల్టర్ నీళ్లు తిరగవు. ఆ పసుపు క్లోరిన్‌ది. కుళాయి చివరన లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలనే ప్రభుత్వం నీళ్లలో దాన్ని కలుపుతుంది. దారిలో పైపు ఎక్కడైనా పగిలి మురుగు కలిస్తే సూక్ష్మజీవులను చంపేది అదే. అంటే నీళ్లకు రక్షణ ఉందని చెప్పే గుర్తును పట్టుకుని విషమని చూపిస్తున్నారన్నమాట.

అసలు పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే నకిలీని పోల్చుకోవడం కష్టం కాదు. పట్నాల్లో నీటి సరఫరా సిబ్బంది కుళాయి దగ్గర క్లోరిన్ చూస్తారు, నమూనా తీసుకుని వెళ్తారు. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కింద శిక్షణ పొందిన మహిళలు కిట్లతో ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము లాంటివి చూసి నమోదు చేస్తారు. బ్యాక్టీరియా పరీక్షకైతే శుభ్రపరిచిన సీసాలో నమూనా పట్టి, ప్రయోగశాలలో కనీసం ఒక రోజు ఉంచాలి. మీ హాల్లో నిలబడి ఐదు నిమిషాల్లో "మీ నీళ్లలో బ్యాక్టీరియా ఉంది" అని ఎవరైనా చెబితే అది అబద్ధం. ఇక ప్రభుత్వం తరఫున వచ్చినవాళ్లు ఏ కంపెనీ ఫిల్టరూ అమ్మరు, అడ్వాన్సు అడగరు.

ఇంతా చెప్పి ఆర్‌ఓ ఎవరికీ వద్దనడం తప్పవుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలను ఎలా వంచేశాయో తెలుగువాళ్లకు తెలుసు. ఉప్పగా ఉండే బోరు నీళ్లే దిక్కైన ఇళ్లలో ఆర్‌ఓ నిజంగా పనికొస్తుంది. కానీ ఆ సంగతి తేల్చాల్సింది ప్రయోగశాల కాగితం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా, టీడీఎస్ ఎంత, నైట్రేట్ 45 దాటిందా అన్నవి చూసి కొనాలి. నదీజలాలు శుద్ధి చేసి పంపే కుళాయి ఉన్న ఇంట్లో అవసరం లేకుండా ఆర్‌ఓ పెడితే, లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు కాలువలో పోతాయి. ఏటా ఫిల్టర్లు మార్చే ఖర్చూ మీద పడుతుంది.

ప్రభుత్వోద్యోగి కాకుండా ఆ హోదాను వాడుకుని పని సాగించడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు ఉంది. అందుకే తలుపు తీసే ముందు ఏ శాఖ, ఏ ఆఫీసు అని అడగండి. హైదరాబాద్‌లో అయితే జలమండలి 155313 నంబరుకు ఫోన్ చేసి, మీ వీధికి ఎవరినైనా పంపారా అని కనుక్కోండి. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే రసీదు, అతని ఫోన్ నంబరు, చెల్లింపు వివరాలు దాచి, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. పిల్లలు వేరే ఊళ్లోనో విదేశంలోనో ఉండి, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లకు ఈ ఉప్పు పరీక్ష సంగతి ముందు చెప్పండి.