బండి అమ్మాం, బాధ్యత అమ్మామా?

ఏటా పరీక్షలయ్యాక మన హాస్టళ్ళలో బళ్ళ బేరాలు మొదలవుతాయి. ఫైనలియర్ వాళ్ళు ఇంటికి పోతూ బండి వదిలించుకోవాలని చూస్తారు. జూనియర్లు చవకలో వస్తోంది కదా అని కొంటారు. మధ్యలో మెస్సు బల్ల మీద ఒక తెల్ల కాగితం తయారవుతుంది. అటువంటి కాగితం నమూనా ఒకటి చూడండి:

"నా మోటారు సైకిలును మా జూనియరుకు రూ. 38,000 లకు అమ్మితిని. పైకము ముట్టినది. ఇకనుంచి ఈ బండితో నాకు ఎట్టి సంబంధమూ లేదు. ఏమి జరిగినా కొన్నవారే బాధ్యులు. కాగితాలు తరువాత మార్చుకొనగలరు."

కింద ఇద్దరి సంతకాలు, సాక్షులుగా ఇద్దరు రూమ్మేట్లు. చదివితే అన్నీ ఉన్నట్టే కనిపిస్తుంది. కాని ఇందులో ఉన్నవాటికన్నా లేనివే ఎక్కువ. వాక్యం వాక్యం పట్టుకుని చూద్దాం.

మొదటి మాట, "నా మోటారు సైకిలు". ఏ మోటారు సైకిలు? రిజిస్ట్రేషన్ నంబరు లేదు, ఇంజను నంబరు లేదు, ఛాసిస్ నంబరు లేదు. ఈ మూడూ ఆర్.సి. చూసి రాయడం చాలదు, బండి దగ్గర కూర్చుని లోహం మీద చెక్కిన అంకెలతో సరిపోల్చాలి. అంతకంటే ముఖ్యం "నా" అన్న మాట. విద్యార్థుల బళ్ళు చాలావరకు నాన్న పేరునో, అన్న పేరునో ఉంటాయి. ఆర్.సి.లో నాన్న పేరుంటే కొడుకు సంతకంతో పని జరగదు. అమ్మకందారుగా నాన్నే సంతకం చెయ్యాలి. కొనే కుర్రవాడికి 18 ఏళ్ళు నిండకపోతే అతను ఒప్పందం చేసుకోవడానికే అర్హుడు కాడు. అతని తరఫున తండ్రో, తల్లో తమ పేరున కొనుక్కోవాలి. ఆర్.సి.లో బ్యాంకు అప్పు నమోదై ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు లేఖ, ఫారం 35 చేతికి రాకుండా బేరం ముగించకూడదు.

ఇక చివరి వాక్యం, "కాగితాలు తరువాత మార్చుకొనగలరు". కొంప ముంచేది ఈ ఒక్క వాక్యమే. ఎవరు మార్చాలి, ఎప్పటిలోగా మార్చాలి అన్నది లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ఈ పని ఇద్దరి మీదా పెట్టింది. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి, ఆ ప్రతి కొన్నవారికి పంపాలి. కొన్నవారు 30 రోజుల్లో తమ వంతు దరఖాస్తు ఇవ్వాలి. అమ్మినవారి తెలియజేత ఫారం 29, బదిలీ దరఖాస్తు ఫారం 30. బండి వేరే రాష్ట్రం వెళుతుంటే ముందు ఫారం 28 మీద అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి.

ఇక్కడ అమ్మేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. కొన్నవాడి పేరు రాయకుండా ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. ఆ ఫారాలు పట్టుకుని జూనియరు ఇంకొకడికి, వాడు బ్రోకరుకి, బ్రోకరు మరెవరికో అమ్మవచ్చు. బండి ఊళ్ళు తిరుగుతూ ఉంటుంది, ఆర్.సి.లో మాత్రం మీ పేరే ఉంటుంది.

ఉంటే ఏం, డబ్బు తీసుకున్నాం, బండి ఇచ్చేశాం అంటారా? వస్తువుల అమ్మకపు చట్టం ప్రకారం నిజమే, ఇద్దరూ అలా అనుకుంటే బండి కొన్నవాడిదైపోతుంది. కాని ప్రమాదం జరిగి నష్టపరిహారం కేసు పడినప్పుడు మోటారు వాహనాల చట్టం చూస్తుంది. ఆ చట్టం దృష్టిలో మామూలుగా యజమాని అంటే ఎవరి పేర రిజిస్టరై ఉందో వారే. 2018లో నవీన్ కుమార్ - విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. అందులో ఒక కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. పేరు మాత్రం మారలేదు. ఎప్పుడో అమ్మేశానని రిజిస్టరైన యజమాని చెప్పుకున్నాడు. అయినా బాధ్యత ఆయనదేనన్నది కోర్టు. దెబ్బ తిన్నవాళ్ళు బండి ఎవరెవరి చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాలనడం న్యాయం కాదన్నది దాని తర్కం.

ఈ తీర్పు తెలిశాక మన కాగితంలోని "ఏమి జరిగినా కొన్నవారే బాధ్యులు" అన్న వాక్యం మళ్ళీ చదవండి. ఆ మాట అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య మాత్రమే. రోడ్డు మీద కాలు విరిగిన మనిషి ఆ కాగితం మీద సంతకం చెయ్యలేదు. అది అతన్ని కట్టివేయదు. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించినా అంతే. మరి ఆ వాక్యం వృథానా? కాదు, సరిగ్గా రాస్తే పనికొస్తుంది. "బండి అప్పగించిన తేదీ, గంట తరువాత జరిగిన ప్రమాదం, నేరం, చలానా వల్ల అమ్మినవారు ఏదైనా చెల్లించవలసి వస్తే, ఆ మొత్తాన్ని కొన్నవారు వారికి తిరిగి ఇస్తారు" అని ఉండాలి. అలా ఉంటే ముందు మీరు కట్టినా, తరువాత అతని దగ్గర రాబట్టుకునే హక్కు ఉంటుంది. అందుకే తేదీతో పాటు గంట కూడా రాయాలి. ఆ గంటకు ముందటి చలానాలు అమ్మినవారివి. సంతకాలకు ముందే బండి నంబరుతో ఇ-చలాన్ వెబ్‌సైటులో చూసి బాకీలు తీర్చుకోవడం కొనేవారికి మంచిది.

ఇన్సూరెన్సు సంగతీ ఇక్కడే. బండి చేతులు మారినా, అమలులో ఉన్న పాలసీలో మూడో వ్యక్తికి కలిగే నష్టానికిచ్చే రక్షణ కొన్నవారికి మారినట్టే చట్టం భావిస్తుంది. బండికే కలిగే నష్టం, దొంగతనం మాటకొస్తే, కంపెనీకి తెలియజేసి పాలసీ పేరు మార్పించుకుంటేనే క్లెయిము నిలుస్తుంది. దానికి గడువు 14 రోజులు. కాబట్టి పాలసీ నంబరు, ముగిసే తేదీ ఒప్పందంలో ఉండాలి. పాలసీ ముగిసిపోయిన బండిని కొత్త పాలసీ లేకుండా అప్పగించవద్దు.

మిగిలింది "పైకము ముట్టినది". మన నమూనాలో అసలు జరిగింది ఇదీ: 5,000 బయానా నగదుగా ఇచ్చాడు. 30,000 జూనియరు నాన్నగారి ఖాతా నుంచి ఫోను ద్వారా వచ్చింది. 3,000 పేరు మారాక ఇస్తానన్నాడు. కాగితం ప్రకారం మాత్రం మొత్తం ముట్టేసింది! రేపు ఆ 3,000 అడిగితే సీనియరు చేతిలో ఆధారం లేదు. అటు జూనియరుకూ ఇబ్బందే. 30,000 అతని ఖాతా నుంచి పోలేదు. అది బండి కోసమేనని ఎక్కడా రాసి లేదు. కాబట్టి ఒక్కొక్క మొత్తం ఏ తేదీన, ఎవరి ఖాతా నుంచి, ఎలా వచ్చిందో, యు.పి.ఐ. లావాదేవీ నంబరుతో సహా రాయాలి. స్క్రీన్‌షాట్ చూసి నమ్మకుండా, అమ్మేవారు తమ ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకోవాలి. 5,000 దాటిన నగదు రసీదుకు రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకం చెయ్యాలి. బాకీ 3,000 "ఆర్.సి. కొన్నవారి పేర మారిన రోజున" అని షరతు రాస్తే, మార్చుకోవడానికి తొందరా పుడుతుంది.

అయితే ఎంత బాగా రాసినా ఒప్పందం ఆర్.సి.కి బదులు కాదు. ఇద్దరూ ఒకే రోజు ఫారాలు నింపి దరఖాస్తు పెట్టేసి, ఆ రసీదు ప్రతిని ఒప్పందానికి జతచేయండి. నెల రోజుల తరువాత సీనియరు ఎక్కడున్నా సరే, బండి నంబరు కొట్టి ఆర్.సి.లో పేరు మారిందో లేదో ఒకసారి చూసుకోవాలి. మారిందని కళ్ళారా చూసిన రోజునే బండి అమ్మినట్టు లెక్క.