సౌత్‌ఫోర్క్ ఇంటి తగాదా

చిట్టితల్లీ,

పార్కర్‌లో సౌత్‌ఫోర్క్ రాంచ్ చూసొచ్చి, “ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళంతా ఎవరు తాతయ్యా, ఎందుకు కొట్టుకున్నారు?” అని అడిగావు. ‘డాలస్’ సీరియల్ 1978 నుంచి 1991 దాకా అమెరికాలో సీబీఎస్ ఛానల్లో నడిచింది. అప్పట్లో మేం హ్యూస్టన్‌లో ఉండేవాళ్ళం. శుక్రవారం రాత్రి అది వస్తున్నంతసేపూ మీ అమ్మమ్మ ఎవరి ఫోనూ ఎత్తేది కాదు. ఇల్లు ఇంత చిన్నదేమిటన్నావు కదా, టీవీలో కనిపించే గదులు చాలావరకు కాలిఫోర్నియా స్టూడియోలో వేసిన సెట్లు. మొదటి ఐదు ఎపిసోడ్లలో చూపించిన ఇల్లయితే ఇది కానే కాదు, మీ ఫ్రిస్కోలోది.

గొడవకు మూలం ఒక పొత్తు వ్యాపారం. 1930ల్లో జాక్ యూయింగ్, డిగ్గర్ బార్న్స్ కలిసి చమురు వేటకు దిగారు. నేలలో చమురు ఎక్కడుందో వాసన పట్టేవాడని డిగ్గర్‌కు పేరు. తాగుడు, జూదం కూడా అంతే గట్టిగా ఉండేవి. బావులు పడ్డాక ఆస్తి జాక్ పేరు మీదే మిగిలింది. మోసం చేసి నా వాటా మింగేశాడని డిగ్గర్ జీవితాంతం తిట్టాడు. వాడి చేతికిస్తే తాగి తగలేసేవాడని జాక్ మాట. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉందనే నాకు అనిపిస్తుంది. దీనికి తోడు డిగ్గర్ ప్రేమించిన ఎల్లీ జాక్‌ను పెళ్ళాడింది. సౌత్‌ఫోర్క్ ఆమె పుట్టిల్లు. అప్పుల పాలైన ఆ భూమిని నిలబెట్టింది జాక్ డబ్బే.

కథ మొదలయ్యేసరికి పిల్లల తరం వచ్చింది. జాక్ చిన్నకొడుకు బాబీ, డిగ్గర్ కూతురు పామ్‌ను పెళ్ళి చేసుకుని ఇంటికి తీసుకొస్తాడు. పెద్దకొడుకు జేఆర్‌కు ఆ మరదలు ఇంట్లోకి వచ్చిన శత్రువు. అతని భార్య స్యూ ఎలెన్‌కు తోడికోడలితో సఖ్యత అంతంతమాత్రం. పామ్ అన్న క్లిఫ్ బార్న్స్ లాయరు. తండ్రి బాకీ వసూలు చేయడమే అతని జన్మకు పని. స్యూ ఎలెన్‌కు కొడుకు పుడితే ఆ బిడ్డ క్లిఫ్‌దేనేమోనని అనుమానం వచ్చింది. రక్తపరీక్షలో జేఆర్ బిడ్డేనని తేలింది. నడిమి కొడుకు గ్యారీ సంగతి వదిలెయ్, అతనికోసం వేరే సీరియలే తీశారు.

పగ ఎలా పనిచేస్తుందో చూడాలంటే 1979–80 సీజన్ ఒక్కటి చాలు. రాంచ్‌లో ఎప్పుడో మాయమైన హచ్ మెకిన్నీ అనే పనివాడి ఎముకలు దొరుకుతాయి. పక్కనే జాక్ తుపాకీ. జాక్‌ను బోనెక్కిస్తారు. చివరికి మంచాన పడ్డ డిగ్గర్ నోరు విప్పుతాడు: తన భార్య రెబెకాతో లేచిపోబోతున్నాడని హచ్‌ను చంపింది తానేనట. పామ్ తన కూతురు కాదు, హచ్ కూతురట. అంటే జేఆర్ ఇన్నాళ్ళూ ఏ నెత్తురని ఆ పిల్లను అసహ్యించుకున్నాడో, ఆ డిగ్గర్ నెత్తురు ఆమెలో చుక్కైనా లేదు! అయినా పగ చల్లారలేదు. ఆ రచయితలను అందుకే మెచ్చుకుంటాను.

డిగ్గర్ పోయాక క్లిఫ్ చేతికి ఒక పాత ఒప్పందం చిక్కుతుంది. యూయింగ్ 23 అనే చమురు క్షేత్రం ఆదాయంలో సగం డిగ్గర్ వాళ్ళకు చెందాలని అందులో ఉంది. చమురు తీస్తేనే కదా ఆదాయం? జేఆర్ ఆ బావులనే మూయించేశాడు. తనకు నష్టమైనా సరే, క్లిఫ్‌కు పైసా దక్కకూడదు. కాగితంలోని మాటను తప్పకుండానే ఎదుటివాడిని ముంచడం అతని విద్య.

అదే ఎపిసోడ్ చివర, 1980 మార్చి 21న, ఆఫీసులో ఒంటరిగా ఉన్న జేఆర్‌ను ఎవరో కాల్చారు. క్లిఫ్, స్యూ ఎలెన్, జేఆర్ చేతిలో దివాలా తీసిన బ్యాంకరు, అందరి మీదా అనుమానమే. నటుల సమ్మెతో కొత్త సీజన్ ఆలస్యమై జనం నవంబరు 21 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రాత్రి అమెరికాలో ఎనిమిది కోట్ల పైచిలుకు మంది చూశారు. కాల్చింది క్రిస్టిన్. స్యూ ఎలెన్ చెల్లెలు, అంటే జేఆర్‌కు మరదలే. అతనితో సంబంధం పెట్టుకుని, చివరికి ఊరు వదిలి పొమ్మనిపించుకున్న పిల్ల. ఇంత పాత పగ నడుస్తుంటే తుపాకీ పేల్చింది పగతో ఏ సంబంధమూ లేని మనిషి.

తర్వాత సీజన్లు వరసగా చూడకు. 1985లో పామ్‌ను తప్పించబోయి బాబీ కారు కింద పడి చచ్చిపోతాడు. వేసిన నటుడు తిరిగి రావడానికి ఒప్పుకునేసరికి, మరుసటి ఏడాది పామ్ నిద్రలేచి చూస్తే అతను స్నానాల గదిలో ఉంటాడు. మధ్యలో గడిచిన సీజనంతా ఆమె కలట! మీ అమ్మమ్మ ఆ రోజే డాలస్ చూడటం మానేసింది. నేను మాత్రం జేఆర్ కోసం చివరిదాకా చూశాను.

మీ తాతయ్య