నక్క తోక తొక్కడం వేరు, సెరెండిపిటీ వేరు

తెలుగులో అనుకోని మేలును చెప్పడానికి మాటలకు కొదవ లేదు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగితే అది కాకతాళీయం. చెదపురుగు చెక్కను తొలుచుకుంటూ పోయినప్పుడు ఆ గాట్లు తమంతట తామే అక్షరాల్లా కనిపిస్తే అది ఘుణాక్షరన్యాయం. ఊరికే కలిసొచ్చిన వాణ్ణి చూస్తే నక్క తోక తొక్కి వచ్చాడంటారు. ఈ మూడింటిలోనూ ఉమ్మడిగా కనిపించేది, ఫలితం పొందినవారి తెలివితో ఆ ఫలితానికి ఎలాంటి సంబంధమూ లేకపోవడం. పురుగుకు అక్షరజ్ఞానం అక్కర్లేదు, కాకికి పండు పడుతుందని తెలియనక్కర్లేదు. ఇంగ్లీషు నుంచి ఇప్పుడు తెలుగు సంభాషణలోకి కూడా వచ్చి చేరుతున్న ‘సెరెండిపిటీ’ అనే మాటను తరచుగా ఈ వరుసలోనే కూర్చోబెడుతున్నారు కానీ, ఆ మాటను పుట్టించిన మనిషి దానికి ఇచ్చిన అర్థం ఇది కాదు.

ఆ మనిషి ఇంగ్లండుకు చెందిన రచయిత హొరేస్ వాల్పోల్. ఫ్లోరెన్సులో బ్రిటిష్ రాయబారిగా ఉన్న తన మిత్రుడు హొరేస్ మాన్‌కు 1754 జనవరి 28న రాసిన లేఖలో ఆయన ఈ పదాన్ని మొదటిసారి వాడాడు. మాన్ ఆయనకు బియాంకా కాపెల్లో అనే పదహారో శతాబ్దపు వెనిస్ వనిత చిత్రపటాన్ని పంపాడు. ఆమె ఫ్లోరెన్సును ఏలిన మెడిచీ వంశపు గ్రాండ్ డ్యూక్‌ను పెళ్లాడింది. వాల్పోల్ వెనిస్ కుటుంబాల వంశచిహ్నాలున్న ఒక పాత పుస్తకం తిరగేస్తుండగా, కాపెల్లోల చిహ్నం ఒకదానిపై నీలి గోళమూ దానిమీద లిల్లీ పువ్వు గుర్తూ కనిపించాయి. అది మెడిచీల సొంత చిహ్నంలోని భాగమని ఎరిగిన ఆయన, ఈ వియ్యం కారణంగానే డ్యూక్ ఆ గౌరవాన్ని ఆమె పుట్టింటివారికి ఇచ్చి ఉంటాడని నిర్ధారించుకున్నాడు. ఇలాంటి కనుగోలుకు తాను పెట్టుకున్న పేరు సెరెండిపిటీ అని మిత్రుడికి చెబుతూ, ‘సెరెండిప్ రాజకుమారులు ముగ్గురు’ అనే పిల్లతనపు అద్భుతకథ నుంచి ఆ పేరు తీసుకున్నానని వివరించాడు.

సెరెండిప్ అంటే మన పొరుగున ఉన్న సింహళమే. సింహళద్వీపం అనే పేరు అరబ్బు, పారశీక నోళ్లలో ‘సరందీబ్’ అయింది. ఆ కథ 1557లో వెనిస్ నగరంలో ఇటాలియన్ భాషలో అచ్చయింది. దాన్ని పారశీకం నుంచి తెచ్చినవాడుగా క్రిస్టొఫోరో అర్మెనో అనే పేరు పుస్తకంలో ఉంది. దాని మూలాలు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో పద్నాలుగో శతాబ్దం మొదట్లో రాసిన ‘హష్త్ బిహిష్త్’ కావ్యంలో దొరుకుతాయి కాబట్టి, ఇంగ్లీషువాడు కూర్చిన ఈ మాటలో ఊరు లంకది, కథ ఢిల్లీ మీదుగా నడిచినది.

కథలో తండ్రి పంపగా దేశాలు తిరుగుతున్న రాకుమారులకు, ఒంటెను పోగొట్టుకున్న ఒక వ్యక్తి ఎదురవుతాడు. ఆ ఒంటెకు ఒక కన్ను లేదు కదా, ఒక పన్ను ఊడింది కదా, ఒక కాలు కుంటి కదా అని వాళ్లు అడుగుతారు. ఆ తర్వాత దానికి ఒకవైపు వెన్న, రెండోవైపు తేనె బరువులున్నాయనీ, ఒక గర్భిణి దానిమీద ప్రయాణించిందనీ కూడా చెబుతారు. ఇంత కచ్చితంగా చెప్పినవారు దొంగలు కాక మరెవరని ఒంటె యజమాని చక్రవర్తికి మొరపెట్టడంతో వాళ్లను బంధిస్తారు. ఒంటె వేరేచోట దొరికాక, చూడకుండా ఎలా చెప్పగలిగారని చక్రవర్తి అడిగితే, దారికి ఒక పక్క గడ్డి నాసిరకమైనా అటే మేసి ఉందని, పళ్ల సందు పట్టేంత నమిలిన గడ్డి ఉండలు దారిలో పడ్డాయని, మూడు అడుగుల జాడలు స్పష్టంగా ఉండి నాలుగోది ఈడ్చినట్టుందని చెబుతారు. ఒక పక్క చీమలు బారులు తీరడాన్ని బట్టి వెన్ననూ, రెండో పక్క ఈగలు ముసరడాన్ని బట్టి తేనెనూ గుర్తించారు. ఒంటె మోకరించిన చోట చిన్న పాదముద్రల పక్కనే అరచేతుల ఆనవాలు కనిపించడంతో, లేవడానికి నేలను ఊతగా పట్టుకున్న స్త్రీ నిండు నెలలతో ఉందని ఊహించారు.

వాల్పోల్ ఈ కథను జ్ఞాపకం నుంచి చెబుతూ ఒంటెను కంచరగాడిదగా మార్చేశాడు. అది చిన్న పొరపాటే. ఆయన పెట్టిన నిర్వచనం మాత్రం బిగువైనది: ఆ రాకుమారులు తాము వెతకని వాటిని యాదృచ్ఛికం వల్లా, సూక్ష్మబుద్ధి వల్లా కనుగొంటూ ఉంటారు. సూక్ష్మబుద్ధి అంటే ఇక్కడ కంటబడిన చిన్న ఆనవాలు దేనికి గుర్తో పోల్చుకోగల నేర్పు. రెండూ కావాలి, అంతేకాక, వెతుకుతున్న వస్తువే దొరికితే అది సెరెండిపిటీ కాదని కూడా ఆయన స్పష్టంగా అన్నాడు. ఈ కొలతకు ఆయన సొంత ఉదాహరణే పూర్తిగా నిలవదు. ఏ పుస్తకంలో చేయి పెట్టినా తనకు కావలసినది సరిగ్గా వేళకు దొరుకుతుందని ఆయన అదే లేఖలో మురిసిపోయాడు. కావలసినది దొరకడమంటే, ఎంతో కొంత వెతికినట్టే కదా! ఒంటె కథలోనూ యాదృచ్ఛికం కంటే తర్కం పాలే ఎక్కువ. అయినా పదం నిలిచింది. అయితే 1833లో ఆ లేఖలు అచ్చయ్యేదాకా అది బయటి ప్రపంచానికి తెలియలేదు. ఇరవయ్యో శతాబ్దంలో పరిశోధకులు దాన్ని తమదిగా చేసుకున్నాక వాడుక బాగా పెరిగింది, పెరిగేకొద్దీ సూక్ష్మబుద్ధి అనే సగం జారిపోయి ‘తీయని యాదృచ్ఛికం’ అనే సగమే మిగిలింది.

జారిపోయిన ఆ సగం విలువ ఎంతో తూచడానికి, ఒకే యాదృచ్ఛికం ఇద్దరికి ఎదురైన సందర్భం కావాలి. అలాంటిది ఎక్స్-కిరణాల చరిత్రలో ఉంది. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో విల్హెల్మ్ రాంట్జెన్, గాలి తీసేసిన గాజు గొట్టంలో విద్యుత్తు పంపితే వెలువడే కాథోడ్ కిరణాలను పరిశీలిస్తున్నాడు. గొట్టాన్ని నల్ల అట్టతో పూర్తిగా కప్పి గది చీకటి చేసినా, దూరంగా ఉన్న బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర మిణుకుమంది. కాథోడ్ కిరణాలు గాలిలో కొద్ది సెంటీమీటర్లకు మించి పోవని ఆయనకు తెలుసు. తెర రెండు మీటర్ల దూరంలో ఉన్నా వెలుగుతోంది. కాబట్టి ఇది మరేదో కిరణం. ఆ ‘కాబట్టి’ కోసమే ఆయన దాదాపు ఏడు వారాలు ప్రయోగశాలను వదలకుండా, కాగితం, చెక్క, లోహపు రేకులు, చివరికి భార్య చేయి అడ్డుపెట్టి చూసి, డిసెంబరు 28న తొలి వ్యాసం సమర్పించాడు.

దానికి సుమారు ఆరేళ్ల ముందు, 1890 ఫిబ్రవరి 22న, ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆర్థర్ గుడ్‌స్పీడ్ అనే భౌతికశాస్త్రవేత్త, విలియం జెన్నింగ్స్ అనే ఫొటోగ్రాఫరు కలిసి విద్యుత్ మెరుపులను చిత్రించారు. పని అయ్యాక గుడ్‌స్పీడ్ తన దగ్గరున్న అలాంటి గొట్టాలనే మిత్రుడికి నడిపి చూపాడు. ఆ సమయంలో పక్కనే మూతపెట్టి ఉన్న ఫొటో పలకల మీద రెండు నాణేల్లాంటి బిళ్లలు ఉండిపోయాయి. పలకను కడిగితే, ఎవరూ తీయని రెండు గుండ్రని నీడలు అందులో కనిపించాయి. అవెలా వచ్చాయో ఇద్దరికీ అంతుపట్టలేదు, పలక తక్కిన వాటితో పాటు పక్కకు పోయింది. రాంట్జెన్ వార్త అమెరికా చేరాకే ఆ నీడలు వారికి గుర్తుకొచ్చాయి. పాత పలకను వెతికి తీసి, అదే అమరికతో మళ్లీ ప్రయత్నిస్తే అలాంటి నీడలే పడ్డాయి. యాదృచ్ఛికం విషయంలో ఫిలడెల్ఫియాకు వుర్ట్స్‌బర్గ్ కంటే ఎక్కువే దక్కింది, ఎందుకంటే తెర వెలుగు ఆరిపోయేదే గానీ ఈ ఛాయ పలకపై శాశ్వతంగా అచ్చయి ఉంది. గుడ్‌స్పీడ్ ఆ తర్వాత ఆ పలకను బహిరంగంగా చూపినప్పుడు, తొలి చిత్రం అనుకోకుండా తమ దగ్గర పడిందని మాత్రమే చెప్పి, కనుగొన్న ఘనత తమది కాదని ఒప్పుకున్నాడు.