లాడర్ లాజిక్ వ్యాఖ్యల అనువాదం

లాడర్ లాజిక్ వ్యాఖ్యల అనువాదం అనగా కర్మాగారాలలోని యంత్రాలను నడిపే ప్రోగ్రామబుల్ కంట్రోలర్ (పీ.ఎల్.సీ.) ప్రోగ్రాములో రాసి ఉంచే వివరణలను, ఆ యంత్రపు టచ్ స్క్రీనుపై కనిపించే ట్యాగుల వర్ణనలను ఇంగ్లీషు నుండి తెలుగులోకి, తెలుగు నుండి ఇంగ్లీషులోకి మార్చడం. ఈ వ్యాఖ్యలు యంత్రాన్ని నడపవు. కానీ యంత్రం ఆగిపోయినపుడు ఎలక్ట్రీషియను ఎక్కడ వెదకాలో నిర్ణయించుకొనేది వీటిని చదివే. కాబట్టి పదాల అర్థం సరిగా ఉన్నా, సంకేతపు స్థితి తారుమారైతే అనువాదం ప్రమాదకరమవుతుంది.

ఈ వ్యాసంలో ప్రకాశం జిల్లా చీమకుర్తి ప్రాంతపు గ్రానైట్ కోత పనిని ఉదాహరణగా తీసుకొనడమైనది.

## నేపథ్యం

చీమకుర్తి ఒంగోలుకు సమీపంలో ఉన్న పట్టణం. ఇక్కడ లభించే బ్లాక్ గెలాక్సీ రాయి విదేశాలకు ఎగుమతి అవుతుంది. వ్యాపారంలో దీనిని గ్రానైట్ అని పిలిచినా, భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో వర్గానికి చెందిన శిల. నల్లని రాయిలో బంగారు చుక్కలవలె మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం.

క్వారీ నుండి వచ్చిన బ్లాకులను డైమండ్ సెగ్మెంట్లు అతికించిన బ్లేడ్లతో స్లాబులుగా కోస్తారు. కోత సాగుతున్నంతసేపూ బ్లేడుపై నీరు పడుతూ ఉండాలి. నీరు ఆగితే సెగ్మెంట్లు వేడెక్కి అరుగుతాయి, అతుకు వదిలి ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది. రాతి దుమ్ము గాలిలోకి లేస్తుంది. అందుచేత నీటి ఒత్తిడి చాలనప్పుడు బ్లేడు మోటారు ఆగిపోయేలా ప్రోగ్రాములో కట్టుదిట్టం చేస్తారు.

## ఒక ఉదాహరణ

పూర్వం రిలేలతో కట్టిన విద్యుత్ పటాల రూపం నుండి లాడర్ లాజిక్ పుట్టింది. దీనిలో ఒక్కొక్క వరుస నిచ్చెన మెట్టువలె ఉంటుంది. బ్లేడు మోటారును నడిపే మెట్టు సరళంగా ఇలా ఉండవచ్చు:

```
    I0.0       I0.1     I0.3      Q0.2
----| |----+----| |------| |------( )----
    Q0.2   |
----| |----+
```

ఇందులో `I0.0` స్టార్ట్ బటన్, `I0.1` స్టాప్ బటన్, `I0.3` నీటి పైపుపై ఉన్న ప్రెషర్ స్విచ్, `Q0.2` మోటారు కాంటాక్టరు. స్టాప్ బటన్‌ను, ప్రెషర్ స్విచ్‌ను వైరు తెగినా యంత్రం ఆగిపోయే విధంగా కలుపుతారు. అంటే బటన్ నొక్కనప్పుడు `I0.1` విలువ 1. ఒత్తిడి చాలినంత ఉన్నప్పుడు `I0.3` విలువ 1. ఒత్తిడి తగ్గినా, వైరు తెగినా అది 0 అవుతుంది.

`I0.3` పక్కన ఇంగ్లీషులో `Water pressure low` అని ఉందనుకుందాం. రాసినవారి ఉద్దేశంలో అది పరికరం పేరు, అనగా తక్కువ ఒత్తిడిని కనిపెట్టే స్విచ్. దీనిని "నీటి ఒత్తిడి తక్కువగా ఉంది" అని తెలుగు చేస్తే అది స్థితిని చెప్పే వాక్యమవుతుంది. అపుడు యంత్రం చక్కగా నడుస్తుండగా, 1 పక్కన "ఒత్తిడి తక్కువగా ఉంది" అని కనిపిస్తుంది. నిజంగా నీరు తగ్గి మోటారు ఆగినపుడు విలువ 0 కాబట్టి, చదివినవారు నీటికి లోటు లేదని భావించి లోపాన్ని వేరేచోట వెదుకుతారు. స్విచ్ చెడిపోయిందని దానిని బైపాస్ చేస్తే బ్లేడు నీరు లేకుండా తిరుగుతుంది.

దీనికి పరిష్కారం 1 అయినపుడు ఏది నిజమో దానినే వ్యాఖ్యగా రాయడం: "నీటి ఒత్తిడి సరిపోయింది = 1". స్టాప్ బటన్‌కు "స్టాప్ బటన్, నొక్కనప్పుడు 1" అని రాయవచ్చు. తెరపై హెచ్చరిక మాత్రం `I0.3` విలువ 0 అయినపుడే రావాలి. అక్కడ "నీటి ఒత్తిడి తగ్గింది" అనే మాట సరైనది.

ఇందులో మరొక జాగ్రత్త ఉంది. వ్యాఖ్యను "బ్లేడుపై నీరు పడుతోంది" అని మార్చరాదు. వాడిన నీటినే తిరిగి వాడేచోట రాతి బురద నాజిల్‌ను మూసివేయవచ్చు. అపుడు బ్లేడుపై నీరు పడకపోయినా పైపులో ఒత్తిడి అలాగే ఉంటుంది. స్విచ్‌కు తెలిసినంత మాత్రమే వ్యాఖ్య చెప్పాలి.

## పదాల ఎంపిక

ఇంగ్లీషు వ్యాఖ్యలలో క్రియ తరచుగా ఉండదు. `Head up` అనేది ఆదేశం కావచ్చు, స్థితి కావచ్చు, లోపం కూడా కావచ్చు. తెలుగులో వీటిని వేరుచేయక తప్పదు.

| సందర్భం | తెలుగు పాఠం |
|---|---|
| ఆదేశం | హెడ్ పైకి లేపు |
| స్థితి | హెడ్ పైన ఉంది |
| లోపం | హెడ్ పైకి రాలేదు |

ఆదేశానికి "హెడ్ ఎత్తు" అని రాస్తే అది హెడ్ యొక్క ఎత్తును మిల్లీమీటర్లలో చూపే గడి అని కూడా అర్థం వస్తుంది. ట్యాగు మూడింటిలో ఏ రకానికి చెందినదో ప్రోగ్రాములో చూసిన తరువాతనే అనువదించాలి.

"కరెంటు" అనే మాట రెండు దిశలలోనూ చిక్కు తెస్తుంది. వాడుక తెలుగులో కరెంటు అంటే విద్యుత్ సరఫరా. `Motor current high` అనేదాన్ని "మోటారు కరెంటు ఎక్కువ" అంటే సరఫరా వోల్టేజీ పెరిగిందని అనుకోవచ్చు. "మోటారు ఆంపియర్లు ఎక్కువ" అంటే బ్లేడుపై భారం పెరిగిందని తెలుస్తుంది. అదేవిధంగా ఎలక్ట్రీషియను రాసుకున్న "కరెంటు పోయింది" అనే మాట ఇంగ్లీషులో `Power failed` అవుతుంది.

ట్రిప్, ఫేజ్, స్టార్టర్, రీసెట్ వంటి మాటలను మార్చనవసరం లేదు. పని చేసేవారు వాడేవి అవే.

## లిపి సమస్యలు

ట్యాగు పేర్లను తెలుగులోకి మార్చరు. తెర, ప్రోగ్రాము ఆ పేరుతోనే కలిసి ఉంటాయి కనుక ఒకవైపు మాత్రమే పేరు మారిస్తే ఆ లంకె తెగుతుంది. వర్ణననే అనువదిస్తారు.

విండోస్‌లో తెలుగుకు ANSI కోడ్ పేజీ లేదు. అందువలన యూనీకోడ్ ఎరుగని పాత ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేరులో తెలుగు వ్యాఖ్యలు ప్రశ్నార్థక చిహ్నాలుగా మారతాయి. వర్ణనల పట్టికను సాధారణ `CSV` గా భద్రపరచినా ఇలాగే జరగవచ్చు. అందుకే `UTF-8` ఎంచుకోవాలి.

గడి పరిమాణాన్ని కూడా గమనించాలి. "ఒత్తిడి" అనే మాట చూపుకు మూడక్షరాలే. కానీ యూనీకోడ్‌లో ఏడు సంకేతాలు, `UTF-8` లో 21 బైట్లు. నిడివిని బైట్లలో లెక్కించే గడిలో వాక్యం మధ్యలో తెగిపోవచ్చు.

కొన్ని చిన్న టచ్ స్క్రీన్లు తెలుగు అక్షరాలను చూపినా, ఒత్తులను కూర్చలేవు. "త్తి" బదులు పొల్లు, హల్లు విడివిడిగా పడతాయి. ఇటువంటిచోట పాఠాన్ని బొమ్మగా చేసి పెట్టవచ్చు. అయితే బొమ్మలోని మాటలను తరువాత సరిదిద్దడం కష్టం. కంప్యూటరులో బాగా కనిపించినంత మాత్రాన చాలదు, అసలు తెరపైనే చూడాలి.

## పరీక్షించే పద్ధతి

అనువాదాన్ని ప్రోగ్రాము చూడని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి చేయిస్తే మాటల తేడాలు బయటపడతాయి. స్థితి తారుమారైనదీ లేనిదీ మాత్రం యంత్రం వద్దనే తెలుస్తుంది. బ్లేడు రాతికి తగలకుండా పైన ఉన్నపుడు మోటారు నడిపి, ప్రెషర్ స్విచ్‌కు ముందున్న నీటి వాల్వును మూయాలి. `I0.3` విలువ 0 కావాలి, మోటారు ఆగాలి, తెరపై "నీటి ఒత్తిడి తగ్గింది" అని రావాలి. మోటారు ఆగి, మాట వేరుగా వస్తే తప్పు అనువాదంలో గాని, హెచ్చరికను కలిపిన తీరులో గాని ఉన్నట్లు. ప్రతి హెచ్చరికకూ ఈ విధంగా దాని కారణాన్ని కల్పించి చూడాలి.

## ఇవి కూడా చూడండి

* చీమకుర్తి
* ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్
* యూనీకోడ్