ఐదు లక్షల లీజులో వడ్డీ ఎంత?

ప్రింటింగ్ మిషన్లు తయారుచేసే ఒక కంపెనీ, ఒక మిషన్‌ను ప్రెస్సు యజమానికి ఐదేళ్ల లీజుకిచ్చిందనుకుందాం. ఏటా లక్ష రూపాయలు, అదీ ఏడాది మొదట్లోనే కట్టాలి. గడువు ముగిశాక మిషన్ ప్రెస్సువాళ్ల సొంతం. కాగితం మీద ఇది అద్దె ఒప్పందమే. కానీ మిషన్ మంచిచెడ్డలన్నీ వాడుకునేవాళ్ల చేతికి వెళ్లిపోయాయి కాబట్టి, లెక్కల్లో దీన్ని అప్పు మీద జరిగిన అమ్మకంగానే చూడాలి. అమెరికా ప్రమాణాలు దీన్ని సేల్స్ టైప్ లీజు అంటాయి. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 116 దీన్ని తయారీదారు లేదా డీలరు ఇచ్చే ఫైనాన్స్ లీజుగా చూస్తుంది.

కంపెనీకి రావలసింది మొత్తం 5,00,000. ఇది స్థూల పెట్టుబడి. ఇదే మిషన్‌ను నగదుకు కొంటే ధర 4,16,987. ఐదు వాయిదాలను ఏటా 10 శాతం వడ్డీ లెక్కన నేటి విలువకు దించితే సరిగ్గా ఇదే మొత్తం వస్తుంది. అంటే ఈ ఒప్పందంలో ఇమిడి ఉన్న వడ్డీ రేటు 10 శాతం. స్థూల పెట్టుబడికీ నగదు ధరకీ మధ్య తేడా 83,013. ఇది వడ్డీయే, కానీ ఇంకా సంపాదించనిది. కాలం గడిస్తేనే ఆదాయమవుతుంది. అందుకే దీన్ని అన్‌ఎర్న్‌డ్ ఫైనాన్స్ ఇన్‌కమ్ అని విడిగా పెడతారు.

మొదటి రోజు పద్దు ఇలా ఉంటుంది. లీజు బాకీ కింద 5,00,000 డెబిట్. దానికి ఎదురుగా అమ్మకాలకు 4,16,987, రాబోయే వడ్డీకి 83,013 క్రెడిట్. మిషన్ తయారీకి అయిన 3,20,000 స్టాకులోంచి ఖర్చులోకి వెళుతుంది. అమ్మకపు లాభం 96,987 ఆ రోజే ఖాయం. మిషన్‌ను బయట కొని లీజుకిచ్చే ఫైనాన్స్ సంస్థకు సాధారణంగా ఈ లాభం ఉండదు. దానికి వడ్డీ ఒక్కటే మిగులుతుంది.

మొదటి ఏడాది వడ్డీ దగ్గరే ఎక్కువమంది తప్పులో పడతారు. 83,013ను ఐదుతో భాగించి 16,603 రాసేవాళ్లుంటారు. 4,16,987 మీద 10 శాతం కట్టి 41,699 రాసేవాళ్లూ ఉంటారు. రెండూ సరికావు. మొదటి లక్ష సంతకం రోజే చేతికి వచ్చింది. దాని మీద వడ్డీ పుట్టదు. ఏడాదంతా బయట ఉన్న సొమ్ము 3,16,987 మాత్రమే. దాని మీద వడ్డీ 31,699. మరుసటి ఏడు మొదట్లో ఇంకో లక్ష వస్తుంది, అసలు తగ్గుతుంది, వడ్డీ 24,869కి దిగుతుంది. ఆపై 17,355, చివరికి 9,091. ఐదో వాయిదాతో బాకీ తీరిపోతుంది కాబట్టి ఐదో ఏడు వడ్డీయే లేదు. రూపాయి సవరింపు తీసేస్తే నాలుగూ కలిపి 83,013 అవుతాయి. బాకీ సున్నా కాకుండా ఏదైనా మిగిలితే లెక్క ఎక్కడో తప్పిందన్నమాట.

రేటును అడ్డం పెట్టుకుని చేసే మార్పు అంత సులభంగా దొరకదు. రేటు 10 కాదు, 6 అని రాసుకుంటే అమ్మకపు ధర 4,46,511కి పెరుగుతుంది, మొదటి రోజు లాభం 1,26,511 అవుతుంది. మొదటి ఏడాది వడ్డీ 20,791కి పడిపోయినా, ఆ ఏడాది మొత్తం లాభం 1,28,686 నుంచి 1,47,302కి ఎగబాకుతుంది. ఐదేళ్ల లాభం మాత్రం ఎలా రాసినా 1,80,000లే. రేపటి వడ్డీని ఈ రోజు అమ్మకంగా చూపించుకున్నారంతే. దీన్ని ఆపడానికే ఇండ్ ఏఎస్ 116 ఒక హద్దు గీసింది: మార్కెట్ రేటుతో వచ్చే నేటి విలువ, మిషన్ సరసమైన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే అమ్మకం. ఇక్కడ నగదు ధర 4,16,987 ఉండగా 4,46,511 అమ్మకం రాయడమే దోషం బయటపడే చోటు.

ఇది ఊహించి చెప్పే ప్రమాదం కాదు. అమెరికాలో జిరాక్స్ కంపెనీ ఒకే నెలవారీ రుసుములో మిషన్ ధర, సర్వీసు, వడ్డీ మూడూ కలిపి వసూలు చేసేది. సర్వీసుకూ వడ్డీకీ చెందాల్సిన వాటాను మిషన్ అమ్మకంలోకి జరిపి, ఏళ్ల తరబడి రావలసిన ఆదాయాన్ని ముందే చూపిందని అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 2002లో ఆరోపించింది. 1997 నుంచి 2000 వరకు ఇలా ముందుకు జరిగిన ఆదాయం 300 కోట్ల డాలర్లకు పైనే అని లెక్క తేల్చింది. కంపెనీ ఆరోపణను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. కోటి డాలర్ల జరిమానా కట్టి, పాత లెక్కలు తిరిగి రాయడానికి అంగీకరించింది.

లీజులిచ్చే కంపెనీలో వాటాలు కొనేవాళ్లు వార్షిక నివేదికలో లీజుల నోటు చూడాలి. రాబోయే వాయిదాల మొత్తం, అందులోంచి తీసేసిన సంపాదించని వడ్డీ, మిగిలిన నికర పెట్టుబడి అక్కడ ఉంటాయి. లీజుల గడువులు పెద్దగా మారకుండానే, వాయిదాల మొత్తంలో ఆ వడ్డీ వాటా ఏటేటా తగ్గుతూ, మరోపక్క అమ్మకపు లాభం పెరుగుతూ ఉంటే, ఏ రేటు వాడారని కంపెనీని అడగాలి.