ఏం రిప్లై ఇవ్వాలి, పిన్నీ?

సెప్టెంబర్ నెలాఖరులో ఒక గురువారం సాయంత్రం అయిదింటికి మా అక్క కూతురు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపింది. కింద ఒకే ముక్క: "పిన్నీ, దీనికి ఏం రిప్లై ఇవ్వాలి?" అది వాళ్ల మేనేజర్ మెయిల్. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "మనం మాట్లాడుకున్నట్టే వచ్చే సోమవారం నుంచి నువ్వు అమెరికా షిఫ్ట్‌లోకి వస్తున్నావు. టైమింగ్స్ సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజాము 3:30. ఈరోజులోగా కన్ఫర్మ్ చేయి."

హైదరాబాద్ ఆఫీసుల్లో హెచ్ఆర్ పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి బంధువుల పిల్లలు ఇలాంటివి నాకు పంపుతూనే ఉంటారు. వీళ్లలో ఎవరూ తమకేం కావాలో చెప్పరు. ఒప్పుకోవాలనుందా, వద్దనాలనుందా, కొంచెం టైమ్ కావాలా అన్నది ఆ మెసేజ్‌లో ఉండదు. భయంలో ఉన్నవాళ్లకి రిప్లై పోవడమే ముఖ్యమనిపిస్తుంది. రాసిపెట్టేవాళ్లు మాత్రం ఏదో ఒక ఫలితాన్ని ఎంచుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయలేరు. ఎంచుకున్నామని వాళ్లకే తెలియదు, అదే ప్రమాదం.

ఒకసారి నేనూ ఆ పొరపాటు చేశాను. తెలిసినవాళ్ల అబ్బాయికి వేరే ఊరి ఆఫీసుకి మారమని మెయిల్ వస్తే, మర్యాదగా ఉంటుందని "ఈ అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు" అని మొదలుపెట్టి, "కొత్త టీమ్‌తో పనిచేయడానికి ఎదురుచూస్తున్నాను" అని ముగించి ఇచ్చాను. అతను ఉన్నదున్నట్టు పంపేశాడు. వారంలో ట్రాన్స్‌ఫర్ లెటర్ వచ్చింది. అతనికి వెళ్లడం ఇష్టమే లేదని, నాన్నకి డయాలసిస్ జరుగుతోందని అప్పుడు తెలిసింది. నా మర్యాద వాక్యం అతని తరఫున సరేననేసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఇప్పుడు స్క్రీన్‌షాట్ రాగానే రాయడం మొదలుపెట్టను, ముందు అందులో కనబడనిదేమిటో చూస్తాను. ఫోన్ తెర మీద పట్టినంతే ఫోటోలో ఉంటుంది. జీమెయిల్ యాప్‌లో పంపినవాళ్ల పేరు కింద ఉండే చిన్న బాణం నొక్కితేనే సీసీలో ఎవరున్నారో పూర్తిగా కనిపిస్తుంది. పాత ఉత్తరాలు మూడు చుక్కల వెనక దాగి ఉంటాయి. మా అమ్మాయిని ఆ బాణం నొక్కి చూడమన్నాను. సీసీలో హెచ్ఆర్ ఉంది, అమెరికాలో ఉండే లీడ్ ఉన్నారు. అంటే ఇది ఇద్దరి మధ్య మాట కాదు, ఫైల్లోకి వెళ్లే కాగితం. రెండో స్క్రీన్‌షాట్ పంపేముందు క్లయింట్ పేరు మీద నల్లగా గీత గీయమన్నాను. ఆఫీసు మెయిల్ బయటికి రావడమే చాలా కంపెనీల్లో తప్పు కింద లెక్క.

తర్వాత "మనం మాట్లాడుకున్నట్టే" అన్న మాట దగ్గర ఆగాను. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "కాల్ చివర్లో షిఫ్ట్ మారాల్సి రావచ్చు అన్నారు పిన్నీ, నేను చూద్దాం సార్ అన్నా" అంది. "చూద్దాం" కాస్తా మెయిల్లోకి వచ్చేసరికి ఒప్పందమైంది. మేనేజర్ కావాలని అలా రాశారని నేననుకోను, ఆయన తొందర ఆయనది. కానీ దీని కింద "నోటెడ్ సార్" అని కొడితే ఆ మాటే నిలిచిపోతుంది. ఉత్తరం అందిందని చెప్పడం వేరు, అందులోది ఒప్పుకోవడం వేరు. "నోటెడ్" ఏ పక్కకైనా ఒరుగుతుంది, ఎక్కువసార్లు ఒప్పుకోలు పక్కకే. మెయిలే కదా అనుకోవడానికి లేదు. సంతకం పెట్టిన కాగితం లేకపోయినా ఈమెయిళ్ల మీదే ఒప్పందం కుదిరిందని 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం వ్యాపార వివాదంలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఇక అసలు ప్రశ్న. "నీకేం కావాలి?" అని అడిగితే "ఏమో పిన్నీ" అంటారు. నేను ఇంకోలా అడుగుతాను: "ఇప్పుడే ఆయన ఫోన్ చేసి, వద్దులే, వేరేవాళ్లని చూసుకుంటాం అన్నారనుకో. నీకు హాయిగా ఉంటుందా, ఉసూరుమంటుందా?" ఏడాదిన్నర పాప ఉన్న పిల్ల, రాత్రి షిఫ్ట్ తప్పితే చాలనుకుంటుందని నా లెక్క. మనసులో వద్దనే రిప్లై సగం రాసేసుకున్నాను కూడా. ఆమె వెంటనే, "అయ్యో, ఉసూరుమంటుంది. ఈ ప్రాజెక్ట్ కోసం ఆర్నెల్లుగా అడుగుతున్నా. ఎన్నాళ్లో తెలియకుండా ఒప్పుకోవాలంటేనే భయం" అంది.

ఆ మాట రాకపోయినా, ఆమె ఫోన్ ఎత్తకపోయినా, ఆ సాయంత్రం పంపదగ్గ రిప్లై ఒకటుంది. ఒప్పుకునేవాళ్లయినా, కాదనేవాళ్లయినా, షరతులు పెట్టేవాళ్లయినా తప్పకుండా తెలుసుకోవాల్సినవే అందులో రాయాలి. నిర్ణయం చెప్పే వాక్యం ఒక్కటీ రాయకూడదు. ఎప్పుడు చెప్తామో మాత్రం గంటతో సహా రాయాలి. "ఆలోచించి చెప్తాను" అని వదిలేస్తే తప్పించుకుంటున్నట్టుంటుంది. మేం పంపింది ఇది:

"సార్, మీ మెయిల్ అందింది. షిఫ్ట్ మారే అవకాశం గురించి కాల్‌లో మీరు చెప్పారు, వివరాలు తర్వాత చూద్దామనుకున్నాం. కన్ఫర్మ్ చేసేముందు మూడు విషయాలు తెలియాలి. ఈ షిఫ్ట్ ఎప్పటివరకు? నవంబర్‌లో అమెరికా గడియారాలు మారాక టైమింగ్స్ ఇవేనా? ఇంటికి రానుపోను క్యాబ్ ఉంటుందా? ఇవి తెలిస్తే రేపు మధ్యాహ్నం 12 గంటలలోపు నా జవాబు పంపుతాను."

రెండో వాక్యం ఆ "మాట్లాడుకున్నట్టే"ని ఎవరినీ నొప్పించకుండా సరిచేస్తుంది. గడియారాల ప్రశ్న చిన్నదే కానీ ఇంట్లో లెక్కంతా దాని మీదే ఉంది. ఇప్పుడు మన 6:30 అంటే న్యూయార్క్‌లో ఉదయం 9. నవంబర్ మొదటి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి వెళ్తుంది, అదే 9 గంటలు మనకి 7:30 అవుతుంది. అప్పుడు ఆమె ఇల్లు చేరడానికి బయల్దేరేది 3:30కి కాదు, 4:30కి. పాప లేచేది అయిదున్నరకి. క్యాబ్ అడగడం బతిమాలుకోవడమూ కాదు. తెలంగాణలో రాత్రిళ్లు మహిళలతో పనిచేయించుకునే ఐటీ సంస్థలకి రవాణా ఏర్పాటు ఒక షరతు.

ఒకవేళ ఆమెకి వద్దని ఉంటే పని ఇంత తేలిక కాదు. ఆఫర్ లెటర్‌లో "అవసరాన్ని బట్టి ఏ షిఫ్ట్‌లోనైనా పనిచేయాలి" అన్న వాక్యం చాలామందికి ఉంటుంది. అదుంటే "కుదరదు" అని రాయడం ఆమెకే చేటు. నాలుగు వారాల గడువో, వంతులవారీ షిఫ్టో అడగాల్సి వచ్చేది. అందుకే ఆ లెటర్ తీసి చూడకుండా కాదనే రిప్లై నేనెవరికీ రాసివ్వను.

రిప్లై ఆల్ నొక్కమని గుర్తుచేశాను. లేకపోతే మొదటి మెయిల్ మాత్రమే హెచ్ఆర్ దగ్గర మిగిలి, మా ప్రశ్నలు మేనేజర్ ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతాయి.

ఆరున్నర దాటాక మేనేజర్ నుంచి జవాబొచ్చింది. మూడు నెలలు, క్యాబ్ ఉంది, నవంబర్ నుంచి ఒక గంట వెనక్కి జరుగుతుంది. ఒప్పుకుంటున్నానన్న మెయిల్ మర్నాడు పదకొండున్నరకి ఆమే రాసుకుంది, పంపాకే నాకు చూపించింది. మేనేజర్ "మూడు నెలలు" అన్నచోట తను "డిసెంబర్ 31 వరకు" అని తేదీ వేసింది.