జూలై ఒకటిన తగ్గిన ఆరువేలు

గుంటూరులో ఉండే మా మేనత్త ప్రైవేటు స్కూల్లో పాతికేళ్లు లెక్కలు చెప్పి రిటైరైంది. పెన్షన్ లేదు. దాచుకున్నదీ, ఊళ్లో స్థలం అమ్మగా వచ్చిందీ కలిపి 50 లక్షలు ఒకే బ్యాంకులో వేసింది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఒకరు 30 లక్షల దాకానే వేయొచ్చు కాబట్టి అంతవరకు 8.2 శాతానికి అందులో పెట్టి, మిగతా 20 లక్షలు మూడు నెలలకోసారి వడ్డీ ఇచ్చే ఎఫ్‌డీలో 7.25 శాతానికి వేసింది. ఇల్లు ఆ వడ్డీ మీదే నడుస్తుంది.

2025 జూలై 1న ఫోన్ చేసింది. "ఒరేయ్, స్కీము వడ్డీ 61,500 రావాలి కదా, 55,350 పడ్డాయేంటి? రేటు తగ్గించేశారా?"

ఆ స్కీములో చేరిన రోజు ఉన్న రేటే అయిదేళ్లూ నడుస్తుంది. తగ్గిన 6,150 సరిగ్గా వడ్డీలో పదోవంతు. అంటే టీడీఎస్ కోశారన్నమాట. చూస్తే ఎఫ్‌డీ వడ్డీ 36,250లోనూ 3,625 పోయింది.

2025 ఏప్రిల్ నుంచి, అరవై దాటినవాళ్లకు ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ లక్ష దాటితేనే టీడీఎస్. అంతకు ముందు ఈ హద్దు 50 వేలు. అన్ని బ్రాంచీల్లోని డిపాజిట్లనూ కలిపే లెక్కేస్తారు. దాటితే మాత్రం పైమొత్తం మీద కాదు, వడ్డీ అంతటి మీదా 10 శాతం. పాన్ ఇవ్వకపోతే 20. అత్త వడ్డీ ఏడాదికి 2,46,000, 1,45,000, కలిపి 3,91,000. లక్ష ఎప్పుడో దాటింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కోసింది పన్నుకు అడ్వాన్సే గానీ పన్ను కాదు. బ్యాంకుకు తన దగ్గరి వడ్డీ తెలుసు, మన మొత్తం ఆదాయం తెలియదు. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. 12 లక్షల దాకా రిబేటు వల్ల కట్టాల్సింది సున్నా. అత్త కట్టాల్సింది రూపాయి కూడా లేదు. ఆ సంగతి బ్యాంకుకు చెప్పే కాగితమే 2025లో ఫారం 15హెచ్.

"పోయినేడు ఇచ్చానుగా!" అంది అత్త. ఇచ్చింది, కానీ ఆ ఫారం ఆ ఆర్థిక సంవత్సరంతోనే చెల్లిపోతుంది. ఏప్రిల్ రాగానే మళ్లీ ఇవ్వాలి. రెండు బ్యాంకుల్లో డిపాజిట్లుంటే రెండు చోట్లా ఇవ్వాలి. మధ్యలో కొత్త ఎఫ్‌డీ వేస్తే అదీ ఫారంలో చేరిందో లేదో అడిగి చూసుకోవాలి. నెట్ బ్యాంకింగులోనే పని అయిపోతుంది. కాగితం మీద ఇస్తే రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవడం మేలు. మొత్తం ఆదాయం అడిగే గడిలో ఆ బ్యాంకు వడ్డీ ఒక్కటే రాస్తుంటారు. అక్కడ అద్దె, పెన్షన్, మిగతా బ్యాంకుల వడ్డీ అన్నీ కలిపి రాయాలి.

అత్త జూలైలోనే ఫారం ఇచ్చింది, కోత ఆగింది. అప్పటికే పోయిన 9,775 ప్రభుత్వానికి జమయ్యే సొమ్ము కనుక కౌంటర్లో అడిగితే వెనక్కి రాదు. ఏడాది ముగిశాక రిటర్ను వేసి రిఫండు తెచ్చుకోవాల్సిందే. కోసిన ప్రతి రూపాయీ పాన్ మీద పడిందో లేదో ముందు ఫారం 26ఏఎస్‌లో చూసుకోవాలి.

అత్త నయం, కోత కంటికి కనిపించింది. వడ్డీ చేతికి రాకుండా అసలులో కలిసిపోయే క్యుములేటివ్ డిపాజిట్లలో ఇది కనబడదు. అందని వడ్డీ మీద కూడా ఏటా టీడీఎస్ పడుతుంది, చాలాసార్లు ఆ డిపాజిట్లోంచే పోతుంది. అయిదేళ్ల తర్వాత బాండు మీద రాసిన మొత్తం కంటే తక్కువ వస్తుంది. "బ్యాంకు మోసం చేసింది" అనుకునే గొడవల్లో కొన్నింటి వెనుక ఉండేది ఇదే.

ఒక తెలివి కూడా ప్రచారంలో ఉంది: డబ్బును నాలుగు బ్యాంకుల్లో పంచి, ఒక్కోచోట వడ్డీ లక్ష లోపు ఉంచడం. కోత తప్పుతుంది, పన్ను తప్పదు. నలుగురు ఇచ్చే వడ్డీ కూడా పాన్ ద్వారా ఆదాయపు పన్ను శాఖకు చేరుతుంది. ఆదాయం 12 లక్షలు దాటి నిజంగా పన్ను పడేవాళ్లు అలాంటి ఫారం ఇవ్వనే కూడదు, అది తప్పుడు ప్రకటన అవుతుంది. షేర్లో, స్థలమో అమ్మి లాభం వచ్చిన ఏడాది లోపలివాళ్లూ ఆగాలి, ఆ లాభంపై ప్రత్యేక రేట్ల పన్నుకు ఈ రిబేటు వర్తించదు.

అక్టోబర్ 1న అత్త ఫోన్ చేయలేదు. నేనే చేశాను. "61,500 పడ్డాయిలే," అంది, "పాలవాడొచ్చాడు, ఉండు."